పెళ్లిలో ఆవిడ పేరు నోటికి రాలేదు, పరిచయం చేయమన్నారు. అప్పుడేం చేయాలి?

గోదారిపిల్ల

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉంటాను, సొంతూరు భీమవరం పక్కన. మొన్న మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లికి వెళ్లాను. భోంచేసి చెయ్యి కడుక్కుని వస్తుంటే ఒకావిడ ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని "ఏమ్మా, నన్ను గుర్తుపట్టావా?" అన్నారు. మొహం బాగా తెలుసు. పేరు మాత్రం రాలేదు. "అయ్యో, గుర్తులేకపోవడమేంటండీ" అనేశాను. ఆవిడ సంతోషపడి నాన్న ఆరోగ్యం, మా పాప చదువు, అన్నీ అడిగారు. రెండు నిమిషాలు బాగానే గడిచాయి.

ఇంతలో మా ఆయన వచ్చారు. "నేనెవరో మీ ఆయనకి చెప్పమ్మా" అన్నారు ఆవిడ. నాకు నోరు పెగల్లేదు. "ఈవిడ... మన... అదే..." అంటూ నిలబడిపోయాను. ఆవిడ మెల్లగా నా చేతులు వదిలేశారు. "పర్లేదులేమ్మా, సిటీలో ఉంటున్నారు కదా" అని వెళ్లిపోయారు. రాత్రి బస్సులో తణుకు దాటాక పేరు దానంతటదే గుర్తొచ్చింది. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

వచ్చే నెల నాన్న షష్టిపూర్తి. వచ్చిన పెద్దవాళ్లని మైకులో పిలిచి సన్మానం చేయించే పని నాకే అప్పగించారు. అక్కడ కూడా ఇలాగే పేరు పోతే? మాట మధ్యలో ఆగిపోతే? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. అలాంటప్పుడు ఏమని సర్దుకోవాలి?

బెంగళూరు బాబాయ్

దీనికి నా దగ్గర ఒక చిట్కా ఉందమ్మా. పేరు గుర్తురాకపోతే ఫోన్ తీసి "మీ నంబర్ కొట్టి సేవ్ చేయండి" అని వాళ్ల చేతికే ఇచ్చేయడం. వాళ్లే పేరు టైప్ చేస్తారు. ఆఫీసు మీటింగుల్లో పదేళ్లుగా నాకు ఇదే పని చేస్తోంది. ఇంక చుట్టాల్లో ఆడవాళ్లయితే "పిన్నీ" అనేస్తే సరి, మగవాళ్లయితే "బాబాయ్".

కృష్ణా తీరం

బాబాయ్ గారూ, ఫోన్ చిట్కా కొత్తవాళ్ల దగ్గర పనికొస్తుంది. పాతవాళ్ల దగ్గర ఎదురు తిరుగుతుంది. నేను ఒకసారి అలాగే ఇచ్చాను. ఆయన నంబర్ కొడుతుంటే ఆయన పేరు స్క్రీన్ మీద వచ్చింది, ముందే సేవ్ చేసి ఉంది. "నా నంబరు నీ దగ్గర ఉందిగా" అని ఫోన్ నా చేతిలో పెట్టారు. పైగా డెబ్బై ఏళ్ల పెద్దావిడకి ఫోన్ ఇచ్చి టైప్ చేయమంటే ఆవిడ కళ్లజోడు వెతుక్కోవాలి.

పిన్ని అనేయడం అయితే ఇంకా ప్రమాదం. పేరు తప్పు చెబితే ఒక్కరే నొచ్చుకుంటారు, వరస తప్పితే చుట్టూ ఉన్నవాళ్లందరూ పట్టుకుంటారు. అత్త అయ్యే ఆవిడని పిన్నీ అన్నారనుకోండి, ఆవిడ కొడుకు బావ కావలసినవాడు అన్నయ్య అయిపోతాడు. పెళ్లి ఇంట్లో అది పదిమందీ పదిసార్లు చెప్పుకునే మాట. వరస తెలియనప్పుడు "అండీ" ఒక్కటే క్షేమం.

మాటలబడి

నేను విశాఖలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తాను. గోదారిపిల్ల గారూ, ముందు ఒక విషయం చెప్పండి. ఆవిడ ఎదురుగా ఉన్నప్పుడు మీకు పేరు ఒక్కటే రాలేదా, అసలు ఆవిడ ఎవరో కూడా తెలియలేదా? బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ వేరువేరు. మన వీధి కిరాణా కొట్టాయన తిరుపతి క్యూలో కనిపిస్తే మొహం తెలుస్తుంది, ఎవరో తెలియదు. ఎప్పుడూ చూసే చోటు మారిపోయింది కాబట్టి. అక్కడ చోటు ఏదో తెలిస్తే మనిషి గుర్తొస్తాడు. రెండోది, మనిషి ఎవరో పూర్తిగా తెలిసీ పేరు నోట్లో ఆడుతూ ఉండటం. మీది ఏది?

గోదారిపిల్ల

రెండోదేనండీ. ఆవిడ మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా నాకు సాయంత్రాలు లెక్కలు చెప్పారు. వాళ్ల అరుగు మీద కూర్చునేవాళ్లం. ఎక్కం తప్పితే కోప్పడేవారు కాదు, పలక తీసుకుని ఆ ఎక్కం వరకూ తుడిచి మళ్లీ చేతికిచ్చేవారు. ఇవన్నీ నాకు అక్కడ నిలబడి ఉండగానే గుర్తున్నాయి. పేరే రాలేదు.

మాటలబడి

అయితే మీ దగ్గర చెప్పడానికి కావలసినంత ఉంది. "ఈవిడ నాకు లెక్కలు నేర్పిన టీచరు గారు. వాళ్ల అరుగు మీదే నాకు ఎక్కాలన్నీ వచ్చాయి" అని మీ ఆయనకి చెప్పి ఉంటే పరిచయం అక్కడికి పూర్తయ్యేది. పేరు కావాలని ఆవిడ అడగలేదు, "నేనెవరో చెప్పు" అన్నారు. తెలుగులో టీచరు గారూ, డాక్టరు గారూ, పెద్దమ్మా అని పేరు లేకుండానే ఏళ్ల తరబడి మాట్లాడుకుంటాం. మీకు ఆ పేరు అందకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. ఆ రోజుల్లో మీరు ఆవిడని పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచి ఉంటారు? ఒక్కసారి కూడా పిలిచి ఉండరు.

పేర్లే ఎందుకు జారిపోతాయో చెబుతాను. 1987లో బ్రిటన్‌లో ఒక ప్రయోగం చేశారు. కొత్త మొహాలు చూపించి ఒక్కొక్కరికి ఒక ఇంటిపేరు, ఒక వృత్తి చెప్పారు. బేకర్ లాంటి మాట అక్కడ ఇంటిపేరూ అవుతుంది, రొట్టెలు చేసేవాడి వృత్తీ అవుతుంది. అదే మాటని వృత్తిగా చెప్పినప్పుడు జనానికి గుర్తుంది, పేరుగా చెబితే అంతగా గుర్తులేదు. మన దగ్గర కరణం అనే మాట తీసుకోండి. "ఆయన ఊరి కరణం" అంటే లెక్కల పుస్తకాలు, భూముల తగాదాలు, అన్నీ కళ్ల ముందుకొస్తాయి. "ఆయన ఇంటిపేరు కరణం" అంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పేరుకి మనిషితో ఉన్న ముడి చాలా సన్నం. అందుకే ఆవిడ పలక తుడవడం గుర్తుంది, పేరు లేదు. అది మీకు ఆవిడ మీద ప్రేమ తగ్గిందనడానికి గుర్తు కాదు.

వరంగల్ వాసి

అందరూ జ్ఞాపకం గురించే మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. మా అమ్మకు అరవై ఎనిమిది. మనవళ్ల పేర్లు ఒకరివి ఒకరికి పిలుస్తది. బ్రాహ్మి లేహ్యం మంచిదంటున్నారు, తెప్పించమంటారా?

మాటలబడి

ఇక్కడి ప్రశ్న అది కాదు కానీ, భయపడుతున్నారేమో అని చెబుతున్నాను. ఒక మనవడిని ఇంకో మనవడి పేరుతో పిలవడం చాలా ఇళ్లల్లో జరిగేదే, దగ్గరివాళ్ల పేర్లు ఒకే గంపలో ఉన్నట్టు ఉంటాయి. ఆ పిల్లాడు ఎవరో ఆవిడకి తెలుస్తోందా అన్నది చూడండి. తెలిసిన మనిషిని పోల్చుకోలేకపోయినా, గరిటె, తాళం లాంటి రోజూ వాడే వస్తువుల పేర్లు కూడా తరచుగా పోతున్నా, వెళ్లిన దారి మర్చిపోతున్నా న్యూరాలజిస్టుకి చూపించండి. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషికి ఉన్నట్టుండి మాట పడిపోయి, మూతి ఒక పక్కకి వంగినా చెయ్యి లేవకపోయినా అది వేరే సంగతి, ఆ క్షణమే 108కి ఫోన్ చేయాలి. లేహ్యం గురించి నేను చెప్పలేను.

బెంగళూరు బాబాయ్

సరే, పేరు నోట్లో ఆడుతున్నప్పుడు నేను అ, ఆ, ఇ, ఈ అని వరసగా తిప్పుతాను. మొదటి అక్షరం తగిలితే పేరు బయటికొస్తుంది. ఇది కూడా తప్పేనా?

మాటలబడి

తప్పు కాదండీ, మొదటి శబ్దం తగిలితే పేరు వచ్చే మాట నిజమే. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. అక్షరాలు తిప్పుతున్నంతసేపు మీరు ఎదుటివాళ్ల మాట వినలేరు, కళ్లు పైకి పోతాయి, వాళ్లకి తెలిసిపోతుంది. రెండోది, మీరు సుజాత అని తప్పు పేరు పట్టుకున్నారనుకోండి, అసలు పేరు సునీత. సుజాత, సుజాత అని ఎన్నిసార్లు అనుకుంటే అది అంత గట్టిగా అడ్డం కూర్చుంటుంది. 2008లో కెనడాలో ఒక పరిశోధన వచ్చింది. మాట నోటి చివర ఆగిపోయినప్పుడు కొన్నిసార్లు పది సెకన్లు, కొన్నిసార్లు ముప్పై సెకన్లు వెతకనిచ్చి, తర్వాత జవాబు చెప్పారు. రెండు రోజుల తర్వాత మళ్లీ అడిగితే, ఎక్కువసేపు వెతికిన మాటల దగ్గరే మళ్లీ ఆగిపోవడం ఎక్కువగా కనిపించింది. ఆగిపోవడం కూడా అలవాటవుతుందన్నమాట. అందుకని రెండు మూడు సెకన్లలో రాకపోతే వెతుకులాట ఆపేసి అడిగేయడం మేలు. మీకు బస్సులో దానంతటదే వచ్చింది కూడా వెతకడం మానేశాకే.

గోదారిపిల్ల

అడగాలంటే ఏమని అడగాలండీ? "మీ పేరేంటి" అని పెద్దావిడని ఎలా అడుగుతాం?

పాత మైకు

ఇది నేను చెప్పగలను. రాజమండ్రి చుట్టుపక్కల ఇరవై రెండేళ్లుగా సభలకీ, పెళ్లిళ్లకీ వ్యాఖ్యానం చేస్తున్నాను. రోజుకి వందమంది పలకరిస్తారు, నాకు సగం పేర్లు రావు.

"ఎవరండీ మీరు?" అన్న మాట ఎప్పుడూ అనకూడదు. గుర్తున్నది ముందు చెప్పాలి, లేనిది తర్వాత అడగాలి. "మీరు రెండేళ్ల కిందట మా గుడి కల్యాణానికి వచ్చారు, మీ పక్కన మీ అబ్బాయి వీడియో తీస్తున్నాడు. పేరే నోటికి రావట్లేదండీ, ఏమనుకోకండి, ఒక్కసారి చెప్పండి." ఇంతే. మొదటి మాటతోనే నేను మర్చిపోలేదని వాళ్లకి తెలిసిపోతుంది. ఏమనుకోకండి అని ఒక్కసారి అంటే చాలు. క్షమించండి, సారీ, నాకు ఈ మధ్య ఏదీ గుర్తుండట్లేదు అని పొడిగిస్తే పాపం వాళ్లే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది. పేరు చెప్పగానే దాన్ని వెంటనే ఒక మాటలో వాడండి. నేను కాసేపయ్యాక ఒకసారి, వెళ్లేటప్పుడు మళ్లీ ఒకసారి పేరుతో పలకరిస్తాను. అలా మూడుసార్లు నోటిలో పడితే ఆ రోజుకి పోదు.

మొహం కూడా తెలియకపోతే? "గుర్తుపట్టావా" అన్న క్షణంలోనే చెప్పేయాలి. "మొహం తెలిసినట్టే ఉంది, ఒక్క ఆనవాలు ఇవ్వండి" అంటే పెద్దవాళ్లు నిజంగా సంతోషంగా ఇస్తారు. "మీ తాతగారింటి ఎదురిల్లు" అంటారు, అక్కడి నుంచి తీగ లాగొచ్చు. రెండు నిమిషాలు తెలిసినట్టు మాట్లాడాక అడిగితే మాత్రం అప్పటిదాకా మాట్లాడిందంతా అబద్ధమైపోతుంది.

ముగ్గురు ఉన్నప్పుడు తెలిసినవాళ్లని ముందు చెప్పి ఆగండి. "వీరు మా వారు, బ్యాంకులో చేస్తారు" అని చెప్పి నవ్వుతూ అటు తిరిగితే, పదిమందిలో ఎనిమిదిమంది తమంతట తామే చెప్పుకుంటారు. మిగతా ఇద్దరి దగ్గర పై మాట అడగాల్సిందే.

కృష్ణా తీరం

మనం అసలు పేరే వినకుండా ఉండటం కూడా ఉంటుంది కదా. మా అపార్ట్‌మెంట్ సంఘం మొదటి సమావేశంలో వరసగా కూర్చుని పేర్లు చెప్పుకున్నాం. నాకు ముందున్న ఇద్దరి పేర్లు ఇప్పటికీ తెలియవు. నా వంతు వస్తోందని నా మాటే లోపల చదువుకుంటున్నాను.

మాటలబడి

దీని మీద 1973లోనే రాశారు. వరసగా చదివేటప్పుడు మనకి సరిగ్గా ముందున్నవాళ్లు చదివింది మనకి బాగా తక్కువ గుర్తుంటుందని తేల్చారు. అక్కడ మర్చిపోవడం అనేది లేదు, లోపలికి వెళ్లనే లేదు. అలాంటప్పుడు సమావేశం అయ్యాక వెంటనే వాళ్ల దగ్గరికి వెళ్లి "మీ పేరు నాకు సరిగా వినపడలేదు" అనండి. నిజం కాబట్టి తడబాటు ఉండదు. ఆరు నెలలయ్యాక అదే మాట అనలేరు.

నిదానం

నాది కొంచెం వేరే బాధ. నాకు నత్తి ఉంది. ఎదుటివాళ్ల పేరు నాకు బాగా తెలుసు, నా పేరు నాకు తెలుసు, కానీ ఆ మొదటి శబ్దం దగ్గర గొంతు పట్టేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ ఆగేది నా పేరు దగ్గరే. వేరే మాట అయితే దానికి బదులు ఇంకో మాట వాడి తప్పించుకోవచ్చు, పేరుకి బదులు మాట లేదు. ఫంక్షన్లలో "ఏంటి, నీ పేరు కూడా మర్చిపోయావా" అని నవ్వుతారు. ఇక్కడ చెప్పినవన్నీ మాట మర్చిపోయినవాళ్లకి. నాలాంటివాళ్లు ఏం చేయాలి?

మాటలబడి

మీరు అడిగింది చాలా సరైన ప్రశ్న. మీకు మాట వెతకాల్సిన పని లేదు, తీసే దగ్గర ఇబ్బంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు ముందే చెప్పేస్తారు, "నాకు నత్తి ఉంది, కొంచెం టైమ్ పడుతుంది" అని. దాచాలన్న ఒత్తిడి తగ్గితే చాలామందికి బిగువు కూడా తగ్గుతుంది. కొందరికి అలా చెప్పుకోవడం ఇష్టం ఉండదు, అది కూడా వాళ్ల ఇష్టమే. ఎదుటివాళ్లు మాత్రం రెండు మానాలి. మాట అందించకూడదు, "నెమ్మదిగా చెప్పు" అనకూడదు. చూపు తిప్పకుండా ఆగితే చాలు.

బెంగళూరు బాబాయ్

మాట అందించడం సాయమనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నా పక్క సీటు కుర్రాడికి రోజూ అందిస్తున్నాను. రేపు ఆగి చూస్తాను.

గోదారిపిల్ల

నిన్న మా పెద్దమ్మ దగ్గర నంబరు తీసుకుని టీచరు గారికి ఫోన్ చేశాను. పలక సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడారు. చివర్లో ఆవిడన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "పేరు మర్చిపోయినందుకు కాదమ్మా, నాక్కూడా పిల్లల పేర్లు గుర్తుండవు. గుర్తుంది అన్నావు చూడు, నేను అదంతా నిజం అనుకుని మీ పాప గురించి అడిగాను." నాకు ఏడుపొచ్చేసింది. షష్టిపూర్తికి రమ్మన్నాను, వస్తానన్నారు.

ఇప్పుడు మైకు సంగతి చెప్పండి, పాత మైకు గారూ.

పాత మైకు

ఒక్కొక్కరికి ఒక్కో అట్టముక్క. పైన పేరు, పెద్ద అక్షరాల్లో. కింద రెండే ముక్కలు, నాన్నగారికి ఏమవుతారు, ఒక జ్ఞాపకం. అట్టలన్నిటికీ వరస నంబర్లు వేసి మూలకి చిల్లు పెట్టి దారం కట్టండి. విడివిడి కాగితాలైతే ఫ్యాన్ గాలికి ఎగిరిపోతాయి, నాకు ఒకసారి ఎగిరాయి. ఇంటిపేర్లు ఎలా పలకాలో ముందురోజు వాళ్లింట్లో వాళ్లనే అడిగి రాసుకోండి.

మాట మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా వాక్యం పొడుగై. తెలుగులో క్రియ చివర వస్తుంది. "నాన్నగారు ఉద్యోగంలో చేరి, కాకినాడ వెళ్లి, అక్కడ వీరిని కలిసి, ఇద్దరూ ఒకే గదిలో ఉండి..." అని వెళ్తూ ఉంటే మొదట ఎవరి గురించి మొదలుపెట్టామో మనకే పోతుంది. క్రియ కోసం వెతుకుతూ నిలబడతాం. అలా పోయినప్పుడు ఆ వాక్యాన్ని పూర్తి చేయాలని పట్టుబట్టకండి. ఒక ఊపిరి తీసుకుని చిన్న వాక్యంతో కొత్తగా మొదలుపెట్టండి. "వీరిద్దరూ కాకినాడలో ఒకే గదిలో ఉన్నారు." విన్నవాళ్లకి తెగినట్టే అనిపించదు. ఆ రెండు సెకన్ల ఆగడం మీకు పొడుగ్గా ఉంటుంది, వాళ్లకి మామూలుగా ఉంటుంది. ఆ ఖాళీని ఆఁ, ఏంటంటే, అది అని నింపకండి.

ఇంకో మాట. పేరు ముందు చెప్పాలి. పేరు చివర పెట్టి వర్ణన పెంచుకుంటూ పోతే, చివరికి పేరు రాకపోతే అందరూ చప్పట్లకి చేతులెత్తి ఉంటారు.

కృష్ణా తీరం

ఇక్కడ నేను ఒప్పుకోను. మా మావయ్య ఎప్పుడూ పేరు చివరే చెబుతారు. వివరాలు చెబుతూ ఉంటే ఆయనకి పేరు దానంతటదే వస్తుందట. వినేవాళ్లకి కూడా ఎవరా అన్న ఆసక్తి ఉంటుంది. అట్ట చేతిలో ఉన్నాక పేరు రాదన్న భయం ఎందుకు?

పాత మైకు

అట్ట వరస తప్పిన రోజు ఉంటుంది, పిలవని పెద్దమనిషిని "ఆయన్ని కూడా పిలవమ్మా" అనే రోజు ఉంటుంది. మీ మావయ్యగారి అలవాటు ఆయనకి సరిపోయింది. కొత్తగా మైకు పట్టేవాళ్లకి నేను చెప్పను.

గోదారిపిల్ల

షష్టిపూర్తి అయిపోయింది. పద్నాలుగు అట్టలు చేశాను, దారం కట్టాను. పేరు ముందే చెప్పాను. ఐదో ఆయన దగ్గర వాక్యం మధ్యలో తెగింది. ఆగి, ఊపిరి తీసుకుని, "ఆయన, నాన్న ఒకే సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లేవారు" అని మళ్లీ మొదలుపెట్టాను. వీడియోలో చూస్తే నిజంగానే ఆ ఆగడం తెలియట్లేదు.

పాత మైకు గారు చెప్పినట్టే జరిగింది. చివర్లో నాన్న ఒకాయన్ని చూపించి ఈయన్ని కూడా పిలవమన్నారు. అట్ట లేదు, పేరు తెలుసు కానీ రాలేదు. మైకు కొంచెం పక్కకి తీసి ఆయన్నే అడిగాను. "చిన్నప్పుడు మాకు తాటిముంజలు కొట్టిచ్చేవారు, పేరు నోటికి రావట్లేదండీ, ఏమనుకోకండి." ఆయన పేరు చెప్పి, తాటిముంజల సంగతి కూడా మైకులో చెప్పమన్నారు. చెప్పాను. మావాళ్లలో ఒకరిద్దరు మాత్రం తర్వాత "అంతమందిలో పేరు అడిగావేంటి, నాన్ననే అడగాల్సింది" అన్నారు. అది కూడా నిజమేనేమో, నాకు తట్టలేదు.

టీచరు గారికి అట్ట అక్కర్లేకపోయింది.

నిదానం

మొన్న తమ్ముడి నిశ్చితార్థంలో నాకు నత్తి ఉందని ముందే చెప్పి చూశాను. అమ్మాయి తరపు పెద్దాయన ఆగి పూర్తిగా విన్నారు. పక్కనున్న మా బాబాయే తట్టుకోలేక నా పేరు ఆయనే చెప్పేశారు. ఇంట్లోవాళ్లకి ఇది ఎలా చెప్పాలో ఎవరైనా రాయండి.